గోల్డ్ ఫిష్ ఫొటోలో తెల్లచుక్కలు కనిపిస్తే అది జబ్బేనా?

ప్రశ్న: మాది విజయవాడ. మా గోల్డ్ ఫిష్ ఒంటి మీద తెల్లచుక్కలు ఉన్నట్టు రాత్రి తీసిన ఫొటోలో కనిపిస్తోంది. తోక కొంచెం చిరిగింది, రెక్కలు ముడుచుకుని అడుగున ఉంటోంది. ఫొటో చూసి జబ్బు గుర్తుపట్టవచ్చా? మందు వేయమంటారా?

జవాబు:

గుర్తుపట్టవచ్చు, అయితే రాత్రి ఫ్లాష్‌తో తీసిన ఒక్క ఫొటో దానికి చాలదు. ఫ్లాష్ వెలుగు నీటిలో తేలే నలుసుల మీద, గాలి బుడగల మీద పడి తిరిగి వచ్చినప్పుడు అవి చేప ఒంటి మీది చుక్కల్లాగానే కనిపిస్తాయి. అందువల్ల ముందు గాజును లోపలా బయటా తుడిచి, ట్యాంకు వెనుక నల్ల చార్టు పేపరు అంటించి, ఫ్లాష్ ఆపి, ట్యాంకు లైటు వెలుగులో ఫోనును గాజుకు దాదాపు ఆనించి వరుసగా నాలుగైదు ఫొటోలు తీయండి. చేప కదిలినా దాని ఒంటి మీద అదే చోట ఉన్న చుక్క నిజంగా చేపదే. చేప కదిలిపోయినా ఫ్రేములో అక్కడే నిలిచిపోయిన చుక్క గాజు మీదిది. ఒక్క ఫొటోలో మాత్రమే కనిపించి మిగతా వాటిలో లేని చుక్క నలుసో బుడగో అయి ఉంటుంది.

చుక్కలు చేపవే అని తేలితే, వాటి పరిమాణం కన్నా అవి ఉన్న చోటు ఎక్కువ విషయం చెబుతుంది. ఇక్ అని పిలిచే తెల్లచుక్కల జబ్బులో చుక్కలు ఉప్మా రవ్వ గింజలంత ఉండి, కాస్త ఉబ్బెత్తుగా, తోక మీద, రెక్కల మీద, ఒంటి మీద ఒక క్రమం లేకుండా చెదిరి ఉంటాయి. తెల్లగా ఉన్న చేప ఒంటి మీద అవి సరిగా ఆనవు కాబట్టి, నల్ల కాగితం ముందు పారదర్శకంగా కనిపించే తోకను పెద్దదిగా చేసి చూడడం మేలు.

గుంటూరులో ఉన్న మా బావగారు పంపిన ఫొటోలు ఇక్కడ ఉపయోగపడతాయి. ఆయన గోల్డ్ ఫిష్‌కు మొప్పల మూతల మీద, ఛాతీ పక్కనున్న రెక్కల ముందంచున మాత్రమే, వరుసగా పేర్చినట్టు తెల్లచుక్కలు ఉన్నాయి. తోక మీద ఒక్కటీ లేదు. మూడు రోజుల తరువాత అదే కోణంలో మళ్ళీ తీయించి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే, చుక్కలన్నీ సరిగ్గా అవే చోట్ల ఉన్నాయి, రెక్కలు విప్పుకునే ఉన్నాయి, చేప మేత తింటోంది. అవి గుడ్లు పెట్టే కాలంలో మగ గోల్డ్ ఫిష్‌కు వచ్చే బొడిపెలు. వాటికి మందు అవసరం లేదు. ఇక్ చుక్కలైతే అలా నిలిచి ఉండవు. ఒక్కొక్క చుక్కలో ఉన్న పరాన్నజీవి కొద్ది రోజుల్లో ఎదిగి చేపను వదిలి ట్యాంకు అడుగున చేరి, అక్కడ వందలాదిగా విభజన చెంది, ఆ పిల్లలు మళ్ళీ చేపను వెతుక్కుంటాయి. కాబట్టి కొన్ని చోట్ల చుక్కలు పోయి, కొత్త చోట్ల రావడమే ఆ జబ్బుకు ఆనవాలు.

తోక విషయంలో అంచును చూడండి. రెండు ఈనెల మధ్య నిలువుగా చీలి, అంచు మిగతా తోకలాగే పలుచగా, శుభ్రంగా ఉంటే అది మరో చేప కొరకడం వల్లనో, గరుకు రాళ్ళకు లేదా ఫిల్టరుకు తగలడం వల్లనో అయిన చిరుగు. అంచు పాలిపోయి లేదా ఎర్రబడి, ఒకటి రెండు రోజుల తరువాతి ఫొటోలో తోక మొదలు వైపు ఇంకా తరిగి కనిపిస్తే అది కుళ్ళు, దానిని ఆలస్యం చేయకూడదు.

రెక్కల ముడుపు మాత్రం ఫొటోతో తేల్చదగినది కాదు. చేప ఒక్కసారిగా పరుగెత్తినప్పుడు రెక్కలు ఒంటికి అతుక్కుంటాయి, రాత్రి నిద్రలో అడుగున రంగు తగ్గి రెక్కలు దించుకుని ఉండడమూ సహజం. మీ ఫొటో రాత్రిది కనుక దీనిని ముందు పక్కన పెడతాను. పగలు, లైటు వేసి కొంత సేపయ్యాక, ఒక నిమిషం వీడియో తీయండి. ఆ నిమిషమంతా వీపు మీది రెక్క లేవకుండా ఉంటేనే అది ముడుపు. ట్యాంకులోని చేపలన్నీ ఒకేసారి అలా ఉంటే, నీటిలో అమ్మోనియా గానీ, నీళ్ళు మార్చినప్పుడు కుళాయి క్లోరిన్ గానీ కారణమేమో ముందు పరీక్షించండి. మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో కూడా ఆ వీడియోలోనే తెలుస్తుంది. ఇక్ మొప్పల్లో మాత్రమే ఉన్నప్పుడు బయట ఒక్క చుక్కా కనిపించకపోవచ్చు కాబట్టి ఇది ముఖ్యం.

తోక మీద చెదిరిన చుక్కలు, పగటి వీడియోలో ముడుపు రెండూ ఉంటే మూడు రోజుల తరువాతి ఫొటో కోసం ఆగకుండా వెంటనే ఇక్ మందు మొదలుపెట్టండి. ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీరు చల్లబడినప్పుడు ఈ జబ్బు ఎక్కువగా చూశాను. మందు చుక్కలోపలి జీవిని చేరదు, నీటిలో ఈదే దశలో ఉన్న పిల్లలనే చంపుతుంది. అందువల్ల తరువాతి ఫొటోలో ఒళ్ళు శుభ్రంగా కనిపించినా, సీసా మీద రాసిన గడువు పూర్తయ్యేవరకు వేస్తూనే ఉండండి.