గర్భనిరోధక రింగు జారిపోతే గంటల లెక్క, వారాల లెక్క

విదేశానికి వచ్చిన కొత్తలో డాక్టరు గర్భనిరోధక రింగు రాసిస్తే, దానిని ఎన్నడూ చూడని మన ఆడపిల్లలు చాలామంది పెట్టెను ఇంటికి తెచ్చుకుని, ఎవరిని అడగాలో తెలియక నాకు ఫోను చేస్తుంటారు. పెట్టుకోవడం గురించి వారికి ఉండే భయం ఒక్కసారి పెట్టుకుంటే పోతుంది. అది జారిపోయినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం ముందే తెలిసి ఉండాలి.

నేను చెబుతున్నది మూడు వారాలు ఉంచి, ఒక వారం విరామం ఇచ్చి, ఆపైన కొత్తది పెట్టుకునే రింగు గురించి. ఏడాది పొడవునా కడిగి మళ్ళీ వాడుకునే మరో రకం కూడా ఉంది. దాని గడువులు వేరు కనుక పెట్టెలోని కాగితాన్ని చదివి మీది ఏ రకమో ముందుగా తేల్చుకోండి.

రింగు సుమారు 5.4 సెంటీమీటర్ల వెడల్పున్న మెత్తని వలయం. చేతులు కడుక్కుని ఆరబెట్టుకుని, ఒక కాలు ఎత్తిపెట్టి నిలబడి గానీ, గొంతుక్కూర్చుని గానీ, పడుకుని గానీ, రింగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు వైపులా కలిసేలా నొక్కి యోనిలోకి నెట్టాలి. ఇది గర్భాశయ ద్వారాన్ని మూసే మూత కాదు. ఇందులోని హార్మోన్లు యోని గోడల ద్వారా రక్తంలోకి చేరి అండం విడుదలను ఆపుతాయి. అందువల్ల లోపల సరిగ్గా ఫలానా చోటే ఉండాలన్న నియమం లేదు. ఒరుసుకుంటున్నట్లు అనిపిస్తే వేలితో మరికొంచెం లోపలికి జరిపితే చాలు. గర్భాశయ ముఖం అడ్డుగా ఉంటుంది కనుక అది కడుపులోకి వెళ్ళిపోదు. అయితే పెట్టుకున్న తరువాత వేలికి తగలకుండా, నొప్పి తగ్గకుండా ఉంటే డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే అరుదుగా పొరపాటున మూత్రమార్గంలోకి నెట్టుకున్నవారు ఉన్నారు.

మలవిసర్జనలో గట్టిగా ముక్కినప్పుడు, టాంపన్ తీసేటప్పుడు, సంభోగ సమయంలో రింగు బయటికి వచ్చే అవకాశం ఉంటుంది. అది బయట ఉన్న సమయం మూడు గంటల లోపైతే, చల్లని లేదా గోరువెచ్చని నీటితో కడిగి (వేడినీరు వద్దు) వెంటనే తిరిగి పెట్టుకుంటే రక్షణ తగ్గదు. కొన్ని దేశాల వైద్య సూచనలు ఇంతకంటే ఎక్కువ వ్యవధి ఇస్తాయి గానీ, నేను మాత్రం మూడు గంటలనే హద్దుగా పెట్టుకోమంటాను.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆమె ఆదివారం రాత్రి తొమ్మిదింటికి రింగు పెట్టుకుంది. రెండవ వారంలో, బుధవారం ఉదయం లేచేసరికి అది లోదుస్తుల్లో కనిపించింది. రాత్రి పదింటికి బాత్రూముకు వెళ్ళివచ్చాక ఆమె వేలితో చూసుకోలేదు కనుక ఎప్పుడు జారిందో చెప్పలేకపోయింది. సమయం తెలియనప్పుడు మూడు గంటలు దాటినట్లే లెక్కించాలి. ఆమె దానినే కడిగి పెట్టుకుని, ఆ రోజు నుంచి ఏడు రోజులు, అంటే మరుసటి బుధవారం ఉదయం దాకా, భర్త కండోమ్ వాడేలా చూసుకుంది. రింగును తీసే రోజు మాత్రం మారలేదు. మొదట పెట్టిన నాటి నుంచి మూడు వారాలకు ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తీసేసి, సరిగ్గా వారం తరువాత అదే వేళకు కొత్తది పెట్టుకుంది.

ఇదే మొదటి వారంలో జరిగి, అప్పటికి కొద్ది రోజుల ముందు కలయిక జరిగి ఉంటే గర్భం వచ్చే అవకాశం ఎక్కువ. అత్యవసర గర్భనిరోధక మాత్ర గురించి ఆలస్యం చేయకుండా అదే రోజు ఫార్మసీలో గానీ డాక్టరును గానీ అడగాలి. మూడవ వారంలో మూడు గంటలు దాటితే పాతదాన్ని తిరిగి పెట్టకుండా పారవేసి, వెంటనే కొత్తది పెట్టి మరో మూడు వారాల లెక్క ప్రారంభించవచ్చు. లేదా, అంతకుముందు ఏడు రోజులు రింగు ఎడతెగకుండా లోపలే ఉన్నట్లయితే, నెలసరి రానిచ్చి, పాతది జారిన నాటి నుంచి ఏడు రోజుల లోపల కొత్తది పెట్టుకోవచ్చు. ఏ దారి పట్టినా కొత్త రింగు ఏడు రోజులు లోపల ఉండేదాకా కండోమ్ తప్పనిసరి. నాకు మొదటి దారే మేలనిపిస్తుంది, ఎందుకంటే విరామం వారం దాటిపోయే ప్రమాదం అందులో లేదు. ఆ నెల నెలసరి రాకపోయినా, మధ్యలో కొద్దిగా రక్తం కనిపించినా కంగారు పడనక్కరలేదు.

తీయడం మరచిపోయి నాలుగవ వారం కూడా ఉంచేస్తే రక్షణ పోదు. తీసేసి వారం విరామం ఇచ్చి కొత్తది పెట్టుకోవచ్చు. నాలుగు వారాలు కూడా దాటితే గర్భం లేదని పరీక్షలో తేల్చుకున్నాకే కొత్తది పెట్టుకుని ఏడు రోజులు కండోమ్ వాడాలి.

రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి, కళ్ళముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవారికి, ముప్పై ఐదు దాటి పొగతాగేవారికి ఈ రింగు తగదు. ఇంటి దగ్గర ఉండగా వచ్చిన జబ్బులను కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి. వాడుతుండగా ఒక కాలు వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం గానీ ఛాతీనొప్పి గానీ వచ్చినా రింగు తీసేసి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి.