బస్తాలు ఎనిమిదో వంతు తగ్గితే లాభం సగమైపోయింది

ప్రశ్న: మా బంధువుల ఫ్యాక్టరీలో అమ్మకాలు 12 శాతమే తగ్గాయి, లాభం మాత్రం సగానికి పడిపోయింది. ఎక్కడా దుబారా లేదంటున్నారు. ఆపరేటింగ్ లివరేజ్ వల్లే అని ఆడిటర్ గారు చెప్పారట. అంటే ఏమిటి? లెక్క ఎలా వేస్తారు?

జవాబు:

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో చాలా ఏళ్లు లెక్కలు చూశాను. మీరు చెప్పిందే అక్కడ 2022లో మా కళ్ల ముందు జరిగింది. అంతకుముందు సీజన్‌లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని నాశనం చేసింది. పంట తగ్గి, ధర పెరిగింది. మంచి ధర చేతికొస్తుంటే సరుకు దాచుకునే రైతులు తక్కువ. ఏటా 80,000 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వచ్చే మా గోడౌన్‌కు ఆ ఏడు 70,000 వచ్చాయి. సంస్థ ఎవరిదో తెలియకుండా అంకెలన్నీ రౌండుగా మార్చి రాస్తున్నాను. లెక్క నడిచే తీరు మాత్రం అదే.

మా రాబడి అంతా అద్దె. టిక్కీకి సీజన్‌కు 200 రూపాయలు. హమాలీ ఖర్చు సరుకు తెచ్చినవాళ్లదే. ఒక టిక్కీ అదనంగా వస్తే మాకయ్యే ఖర్చు దాదాపు 30 రూపాయలు. ఎండలో ఉన్న బస్తాను ఛాంబర్ చలికి దింపడానికి పట్టే కరెంటు, సరుకు మీద బీమా, చిల్లర ఖర్చులు అందులోకి వస్తాయి. మిగిలే 170 రూపాయలు, సరుకు ఎంత వచ్చినా మారని స్థిర ఖర్చులు తీర్చడానికి పనికొస్తాయి. దీన్నే కాంట్రిబ్యూషన్ అంటారు.

ఇక స్థిర ఖర్చులు. జీతాలు 25 లక్షలు, మరమ్మతులు, అమ్మోనియా, బిల్డింగు బీమా కలిపి 10 లక్షలు, తరుగుదల 32 లక్షలు. వీటి మీద కరెంటు 35 లక్షలు. కరెంటును స్థిర ఖర్చంటే చాలామంది ఒప్పుకోరు. వాడితేనే కదా బిల్లు అంటారు. కానీ గుంటూరు ఎండాకాలంలో గోడల నుంచీ కప్పు నుంచీ లోపలికి వచ్చే వేడి, లోపల ఎన్ని బస్తాలున్నా ఒకటే. ఛాంబర్ సగం ఖాళీగా ఉందని కంప్రెసర్ సగమే తిరగదు. ఒప్పందం చేసుకున్న లోడు మీద పడే డిమాండ్ ఛార్జీ అయితే యంత్రం ఆపినా తప్పదు. పూర్తిగా ఖాళీ అయిన ఛాంబర్‌ను మూసేస్తే కొంత కలిసొస్తుంది. కానీ మిగిలిపోయిన సరుకు ఒక్కో రైతుది ఒక్కో అంతస్తులో, అన్ని ఛాంబర్లలో చెదిరి ఉంటుంది. అదంతా ఒకచోటికి మార్పించాలంటే హమాలీ ఖర్చు మన నెత్తిన పడుతుంది.

మొత్తం స్థిర ఖర్చు 102 లక్షలు. టిక్కీకి 170 చొప్పున అది తీరాలంటే 60,000 టిక్కీలు రావాలి. అక్కడిదాకా పైసా లాభం లేదు. ఆ పైన వచ్చే ప్రతి టిక్కీ తెచ్చే 170 రూపాయలూ నేరుగా లాభమే.

80,000 టిక్కీలు వస్తే, 60,000 పోను లాభం తెచ్చేవి 20,000. అంటే 34 లక్షలు. 70,000 వస్తే లాభం తెచ్చేవి 10,000 మాత్రమే, 17 లక్షలు. అమ్మకాల వైపు చూస్తే 80,000లో 10,000 తగ్గాయి, ఎనిమిదో వంతు. లాభం వైపు చూస్తే 20,000లో 10,000 తగ్గాయి, సగం. మీ బంధువుల ఫ్యాక్టరీలో జరిగింది కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. దుబారా ఏమీ లేకుండానే ఇది జరుగుతుంది. స్థిర ఖర్చులు కదలనందువల్ల అమ్మకాల్లో చిన్న మార్పు లాభంలో పెద్దదిగా కనిపించడమే ఆపరేటింగ్ లివరేజ్.

ఆడిటర్ గారు చెప్పిన లివరేజ్‌ను అంకెలో చెప్పాలంటే, మొత్తం కాంట్రిబ్యూషన్‌ను లాభంతో భాగించాలి. 80,000 టిక్కీల దగ్గర 136 లక్షలను 34తో భాగిస్తే 4 వస్తుంది. అమ్మకాలు ఒక శాతం కదిలితే లాభం నాలుగు శాతం కదులుతుందని అర్థం. పెరిగినప్పుడూ అంతే.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. ఈ 4 మా సంస్థకు శాశ్వతంగా ఉండే అంకె అనుకుని బ్యాంకుకు ఇచ్చే అంచనాలన్నింటిలో అదే వాడాను. అది మారుతూ ఉంటుంది. గోడౌన్ నిండి లక్ష టిక్కీలు వచ్చినప్పుడు అది 2.5 మాత్రమే. 65,000 దగ్గర 13. ఖర్చుల తీరు అదే, భవనం అదే. మారిందల్లా 60,000 గీత నుంచి మనం ఎంత దూరంలో ఉన్నామన్నది. గీతకు దగ్గరయ్యే కొద్దీ చిన్న కదలికకే లాభం ఊగిపోతుంది. అందుకే ఏ సంస్థ గురించైనా లివరేజ్ ఎంతని అడిగితే, ఏ అమ్మకాల దగ్గర అని కూడా అడగాలి.

పైన చెప్పిన ఖర్చుల్లో బ్యాంకు వడ్డీ కలపలేదు. అది కావాలనే. వడ్డీ వల్ల వచ్చే ఊపు వేరే, దాన్ని ఫైనాన్షియల్ లివరేజ్ అంటారు. కానీ రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మాకు ఏటా 20 లక్షల వడ్డీ ఉండేది. 80,000 టిక్కీల ఏడు వడ్డీ పోను 14 లక్షలు మిగిలింది. 70,000 వచ్చిన ఏడు 3 లక్షల నష్టం. యజమాని ఆ కాగితం చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. బస్తాలు అంతగా తగ్గలేదు కదా అన్నది ఆయన బాధ.

సరుకు తగ్గడం కంటే అద్దె తగ్గడం ఇంకా ప్రమాదం. 80,000 నుంచి టిక్కీలు పది శాతం తగ్గితే లాభం 34 నుంచి 20.4 లక్షలకు వస్తుంది. అదే 80,000 టిక్కీలు వచ్చినా అద్దె పది శాతం, అంటే 20 రూపాయలు తగ్గితే లాభం 18 లక్షలే. బస్తా రాకపోతే దాని మీద 30 రూపాయల ఖర్చైనా మిగులుతుంది. అద్దె తగ్గితే ఖర్చు అలాగే ఉంటుంది. అయినా సరుకు తక్కువైన ఏడు అద్దె తగ్గించాలన్న ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. ఖాళీగా ఉన్న చోటును 120కి ఇచ్చినా 90 రూపాయలు వస్తాయి కదా అని ప్రతి గోడౌనూ ఆలోచిస్తుంది. పక్కవాళ్లూ అదే ఆలోచించి తగ్గిస్తే, ముందే 200కి ఒప్పుకున్న రైతులు కూడా వచ్చి మాకూ తగ్గించమంటారు. అప్పుడు 60,000 గీత పైకి జరుగుతుంది. టిక్కీకి 150 మాత్రమే మిగిలితే ఆ గీత 68,000 దగ్గర ఉంటుంది.

మీ బంధువుల సంస్థలో ఇది తేల్చడానికి ఖాతాల పేర్లు చూసి స్థిర, చర అని విడదీయకండి. కరెంటు విషయంలో చెప్పినట్టు, పేరు మోసం చేస్తుంది. ఉత్పత్తి బాగా తేడా ఉన్న రెండేళ్లు తీసుకోండి. మాకు 70,000 టిక్కీల ఏడు మొత్తం ఖర్చు 123 లక్షలు, 90,000 వచ్చిన మరో ఏడు 129 లక్షలు. 20,000 టిక్కీలకు పెరిగింది 6 లక్షలు, అంటే టిక్కీకి 30. 70,000 టిక్కీలకు అది 21 లక్షలు, మిగతా 102 స్థిరం. ఆ రెండేళ్ల మధ్య కరెంటు టారిఫ్ గానీ జీతాలు గానీ పెరిగి ఉంటే ముందు రెండింటినీ ఒకే రేటుకు సరిచేయాలి. లేకపోతే, ఎక్కువ సరుకు వచ్చిన ఏడు తర్వాతిదైతే, రేట్ల పెరుగుదల కూడా టిక్కీ ఖర్చులో కలిసిపోయి, స్థిర ఖర్చు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. మధ్యలో కొత్త షెడ్డో కొత్త యంత్రమో వచ్చి ఉంటే ఆ రెండేళ్లను పోల్చడం కుదరదు, వేరే జత వెతకాలి.