ఎనిమిది ఇండికేటర్లు, ఒకటే మాట

ప్రశ్న: ట్రేడింగ్‌వ్యూలో 12, 26 రోజుల ఈఎంఏలు, 20 రోజుల ఎస్ఎంఏ, బోలింజర్ బ్యాండ్స్, మాక్‌డీ, ఆర్ఎస్ఐ, స్టొకాస్టిక్, సూపర్‌ట్రెండ్ పెట్టుకున్నాను. ఒకటి కొనమంటే ఇంకొకటి వద్దంటోంది. కొత్తవాణ్ణి, ఏవి ఉంచుకోవాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దాదాపు అన్నీ తీసేయొచ్చు. అయితే ఎందుకో తెలియకుండా తీసేస్తే వచ్చే నెల మళ్లీ ఏదో వీడియో చూసి అవన్నీ వెనక్కి తెచ్చుకుంటారు, కాబట్టి ముందు మీ చార్టులో ఏముందో చూద్దాం.

ఈఎంఏ, ఎస్ఎంఏ రెండూ గత కొన్ని రోజుల ధరల సగటు గీతలే, ఈఎంఏ మాత్రం ఈమధ్య ధరలకు ఎక్కువ బరువిస్తుంది. మాక్‌డీ గీత అంటే 12 రోజుల ఈఎంఏలోంచి 26 రోజుల ఈఎంఏని తీసేస్తే మిగిలేది, అంతే. ఆ రెండూ మీ క్యాండిల్స్ మీద ఇప్పటికే ఉన్నాయి. అవి ఒకదాన్నొకటి దాటిన రోజే కింద మాక్‌డీ కూడా సున్నా దాటుతుంది. దాన్ని చూసి మీరు ‘రెండు ఇండికేటర్లు ఒప్పుకున్నాయి’ అనుకుంటున్నారు. నిజానికి ఒకే మనిషి ముందు గుమ్మంలో చెప్పిన మాటే పెరటి గుమ్మంలోకి వచ్చి మళ్లీ చెప్పాడు. బోలింజర్ మధ్య గీత కూడా మామూలుగా 20 రోజుల ఎస్ఎంఏనే, అంటే ఒకే గీత రెండు రంగుల్లో ఉంది. ఆర్ఎస్ఐ, స్టొకాస్టిక్ లెక్కలు వేరైనా రెండూ చూసేది ఈమధ్య ధర ఎంత జోరుగా కదిలిందన్నదే.

మరి గొడవ ఎక్కడ వస్తోంది? షేరు వారాల తరబడి పెరుగుతుంటే ఆర్ఎస్ఐ 70 పైనే కూర్చుని ‘మరీ పెరిగింది’ అంటుంది, సూపర్‌ట్రెండ్ మాత్రం ఆకుపచ్చగా ఉండి ‘ఇంకా పైకే’ అంటుంది. ఒకటి జోరు గురించి, ఇంకొకటి దిశ గురించి చెబుతోంది, రెండూ తమ లెక్క ప్రకారం కరెక్టే. మీరు రెండింటినీ ఒకే ప్రశ్నకు జవాబులుగా చదువుతున్నారు కాబట్టి టెన్షన్.

ఇప్పుడు ఖాళీ చార్టు తీసుకుని రోజువారీ క్యాండిల్స్, కింద వాల్యూమ్, 20 రోజుల ఈఎంఏ ఒక్కటి, రెండు అడ్డగీతలు పెట్టండి. ఇంకేం వద్దు. ఇండికేటర్ల వెతుకులాటలో EMA అని కొట్టి, సెట్టింగ్స్‌లో Length 20 చేయాలి. అడ్డగీతకు కర్సర్‌ని ఆ ధర దగ్గర ఉంచి Alt + H నొక్కితే చాలు. పాతవాటిని వెంటనే పీకేయడానికి చెయ్యి రాకపోతే, ఇండికేటర్ పేరు పక్కనున్న కన్ను గుర్తు నొక్కి రెండు వారాలు దాచి చూడండి.

గీతలు ఎక్కడ గీయాలన్న దగ్గరే అందరూ తడబడతారు. ఆరు నెలల చార్టు కనిపించేలా పెట్టి, ధర కనీసం రెండుసార్లు వెనక్కి తిరిగిన చోటు వెతకండి. పైన ఒకటి, కింద ఒకటి. పైసలతో సహా కచ్చితంగా కుదరాలని చూడొద్దు, ఒకసారి 205 దగ్గర, ఇంకోసారి 207 దగ్గర తిరిగితే 206 దగ్గర గీసేయండి. అలాంటివి పది కనిపిస్తున్నాయంటే మీరు మరీ దగ్గరగా జూమ్ చేసి చూస్తున్నారని అర్థం.

ఒక ఊహా షేరు తీసుకుందాం. రెండు నెలలుగా 188, 206 మధ్య తిరుగుతోంది. నిన్న ఈఎంఏ 199. ఇవాళ 209.50 దగ్గర ముగిసింది, వాల్యూమ్ ఈమధ్య రోజులకు దాదాపు రెట్టింపు. కొత్త ఈఎంఏ లెక్క ఇదీ:

```
199 + (209.5 - 199) × 2 / (20 + 1) = 200
```

ధర పదిన్నర రూపాయలు పైన ఉన్నా ఈఎంఏ కదిలింది ఒక్క రూపాయే. ఆ గీత ముందుచూపు చెప్పదు, వెనక నడుస్తూ వస్తుంది. కాబట్టి దాన్ని దిశ తెలుసుకోవడానికే వాడండి. అసలు వార్త ఏమిటంటే ధర 206 దాటి ముగియడం, అదీ ఎక్కువ చేతులు మారి ముగియడం. రేపు, ఎల్లుండి 206 కిందే ముగిస్తే ఆ దాటడం నిలబడలేదన్నమాట, ఇది చెప్పడానికి ఆర్ఎస్ఐ అక్కర్లేదు. మధ్యాహ్నం 206 దాటిందని చూసి తొందరపడకండి, ఎన్ఎస్ఈలో మూడున్నరకు మార్కెట్ ముగిసేదాకా ఆ క్యాండిల్ పూర్తికాదు, అప్పటిదాకా ఈఎంఏ కూడా ధరతోపాటు మారుతూనే ఉంటుంది.

ఈ చార్టుకూ కొన్ని కనపడవు. ఫలితాల మర్నాడు షేరు 190 దగ్గర తెరుచుకుంటే ఏ గీతా ఆపలేదు. నిఫ్టీ ఇండెక్స్ చార్టు మీద వాల్యూమ్‌ని షేరు వాల్యూమ్‌లాగా చదవొద్దు, ఇండెక్స్‌ని నేరుగా ఎవరూ కొనరు, అమ్మరు కదా.

కొన్నాళ్లకు ఇంకొకటి చేర్చాలనిపిస్తే, దాని గత 20 సిగ్నళ్ల తేదీలు ఒక కాగితం మీద రాసుకుని, మీ ఈఎంఏని ధర దాటిన తేదీలతో పోల్చండి. ఎక్కువ భాగం ఒకటి రెండు రోజుల తేడాలో కలిస్తే దాన్ని వదిలేయండి. నన్నడిగితే మొదట చేర్చదగ్గది ఏటీఆర్. కొనాలో అమ్మాలో అది చెప్పదు, షేరు రోజుకు సుమారుగా ఎన్ని రూపాయలు అటూ ఇటూ ఊగుతుందో చెబుతుంది. రోజూ 6 రూపాయలు ఊగే షేరుకు 2 రూపాయల దూరంలో స్టాప్‌లాస్ పెట్టి, ‘నేను అమ్మాకే పెరుగుతుంది’ అని బాధపడేవాళ్లు నాకు చాలానే రాస్తుంటారు.