తక్కువ ధరకు బిడ్ వేస్తే షేర్లు ఎందుకు రాలేదు?

"ప్రైస్ బ్యాండ్‌లోని కనిష్ఠ ధరకే ఐపీఓకు దరఖాస్తు చేశాను. ఒక్క షేరూ రాలేదు, డబ్బు మాత్రం అన్‌బ్లాక్ అయింది. కారణమేమిటి?"

బుక్ బిల్డింగ్‌లో ప్రైస్ బ్యాండ్ కేవలం హద్దులనే చెబుతుంది. అసలు ధర, ఏ ధర వద్ద ఎన్ని షేర్లకు బిడ్లు వచ్చాయో లెక్కించిన తర్వాతే ఖరారవుతుంది. 2022 మేలో ఎల్ఐసీ బ్యాండ్ రూ. 902–949 కాగా, తుది ధర రూ. 949గా తేలింది. అంతకంటే తక్కువకు బిడ్ వేసినవారి దరఖాస్తు షేర్లు కేటాయించే లాటరీ వరకు కూడా వెళ్లదు. మీకు జరిగింది బహుశా ఇదే. అలాట్‌మెంట్ స్టేటస్‌తోపాటు మీ బిడ్ ధరను తుది ధరతో పోల్చి చూడండి.

రిటైల్ మదుపరులకు 'కటాఫ్' ఎంపిక ఉన్నది ఇందుకే. దానిని ఎంచుకుంటే గరిష్ఠ ధర మేరకు సొమ్ము బ్లాక్ అవుతుంది, తుది ధర ఎంతైనా బిడ్ చెల్లుతుంది. అయితే దరఖాస్తులు మితిమీరితే, కటాఫ్ పెట్టినవారికీ కనీస లాట్ లాటరీలోనే దక్కాలి.

లిస్టింగ్ రోజు ధర మాత్రం పూర్తిగా వేరు. ఉదయం ప్రత్యేక ప్రీ-ఓపెన్ సెషన్‌లో వచ్చిన కొనుగోలు, అమ్మకపు ఆర్డర్లే దానిని నిర్ణయిస్తాయి. రూ. 45 రాయితీతో రూ. 904 చెల్లించిన రిటైల్ మదుపరులకు సైతం ఎల్ఐసీ షేరు బీఎస్ఈలో రూ. 867.20 వద్దే మొదలై నష్టం చూపింది.