5 కిలోవాట్ల సోలార్‌కి రోజుకు 11 యూనిట్లేనా?

ప్రశ్న: మేడ మీద 5 కిలోవాట్ల సోలార్ ఉంది. 20 యూనిట్లు వస్తాయన్నారు, ఎండ బాగా ఉన్నా 11 మించడం లేదు. ఎందుకు?

దాదాపు సగం పోయిందంటే నా మొదటి అనుమానం స్ట్రింగ్ మీదే, అంటే వరుసగా కలిపిన ప్యానెళ్ల గొలుసు మీదే. మబ్బులేని మధ్యాహ్నం ఇన్వర్టర్ స్క్రీన్‌లో రెండు స్ట్రింగ్‌ల ఆంపియర్లు పోల్చండి. ఒకటి 10, ఇంకోటి సున్నా చూపిస్తే ఫ్యూజ్ పోయి ఉండవచ్చు, లేదా ప్యానెళ్ల కింద కనెక్టర్ కాలి ఉండవచ్చు. దాన్ని మీరు ఊడదీయకండి, అప్పుడు లేచే డీసీ ఆర్క్, అంటే ఆగకుండా మండే కరెంట్ మెరుపు, చాలా ప్రమాదం. టెక్నీషియన్‌నే పిలవండి.

దుమ్మయితే సాధారణంగా రెండూ కలిసి తగ్గుతాయి. ఒక స్ట్రింగ్‌ను పొద్దున్నే కడిగి, మధ్యాహ్నం తేడా చూడండి. నీడయితే గ్రాఫ్ రోజూ ఒకే వేళకు కుంగుతుంది. మధ్యాహ్నం సున్నాకి పడి మళ్లీ లేస్తుంటే ఇన్వర్టర్ అలారం లాగ్‌లో గ్రిడ్ ఓవర్‌వోల్టేజ్, అంటే కరెంటు లైన్‌లో వోల్టేజ్ మరీ పెరిగిందన్న హెచ్చరిక, ఉందేమో చూడండి.