నలుగురికి వారం సరుకుల లెక్క: పూట కూరకి ఎంత పడుతోంది?

ప్రశ్న: మాది భీమవరం, మేం ఇద్దరం, ఇద్దరు పిల్లలు. వారానికి ఇంత అని పెట్టుకుంటాను, ప్రతి వారం దాటిపోతోంది. రేట్లు ఇలా పెరుగుతుంటే అసలు ఎంత పెట్టుకోవాలి? నెలకొకసారి సూపర్ మార్కెట్‌లో అన్నీ తెచ్చేసుకుంటే నయమా?

జవాబు:

మాది పాలకొల్లు, మేమూ నలుగురమే, కాబట్టి మీ లెక్కా మా లెక్కా పెద్ద తేడా ఉండదు. ముందు ఒకటి అడుగుతాను, మీ వారం డబ్బులో బియ్యం, నూనె, పప్పులు కూడా కలిపేస్తున్నారా? కలిపితే ఏ వారమూ సరిపోదు, ఎందుకంటే బియ్యం బస్తా దింపిన వారం పదిహేను వందలు ఎగిరిపోతాయి, తరవాతి వారం చేతిలో మిగిలినట్టు కనిపిస్తుంది, అది చూసి చెయ్యి వదులైపోతుంది. వారానికి కొనేవి కూరలు, గుడ్లు, ఆదివారం నీసు, పళ్ళు, అంతే. మిగతావన్నీ నెల లెక్కలోనో ఏడాది లెక్కలోనో ఉండాలి.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను, రేట్లు సుమారుగా వేస్తున్నాను, మీ ఊరి రేటు పెట్టి మళ్ళీ వేసుకోండి. తిండికి నెలకి 10,500 అనుకుందాం. 26 కిలోల బియ్యం బస్తా 1,450. (25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 2022 జూలైలో జీఎస్టీ వేశాక బస్తాలు 26 కిలోలు అయ్యాయి. మీరు పాత 25 కిలోల రేటుతో పోల్చుకుంటుంటే ఆ కిలో కూడా లెక్కలోకి తీసుకోండి.) పప్పులన్నీ కలిపి 750, నూనె నాలుగు లీటర్లు 620, పంచదార, టీపొడి, రవ్వ, పోపు సామాను 900, పాలు 2,000. ఏడాదికొకసారి కొనే చింతపండు, ఎండుమిర్చి, మినుములు, ఆవకాయ సామాను కోసం నెలకి 400 పక్కన. ఇవన్నీ 6,120. మిగిలింది 4,380. దీన్ని నాలుగుతో భాగించొద్దు. ఏడాదికి 52 వారాలు, 12 నెలలు, అంటే నెలకి నాలుగు వారాల మీద ఇంకా రెండు మూడు రోజులు ఉంటాయి. ఐదు ఆదివారాలు వచ్చిన నెలలో లెక్క తప్పేది అందుకే. 4,380ని 4.33తో భాగిస్తే వారానికి వెయ్యి వస్తుంది.

ఆ వెయ్యిలో ఆదివారం చికెన్‌కో చేపలకో 300, పళ్ళకి 150, గుడ్లకి 100 తీస్తే కూరలకి 450 మిగులుతుంది. గట్టిగా పట్టుకోవాల్సింది ఈ 450నే, ఎందుకంటే రేట్లు వారం వారం ఊగేది ఇక్కడే, మన చేతిలో మార్చుకునే వీలు ఉన్నదీ ఇక్కడే.

రైతుబజారులో బోర్డు మీద కిలో రేటు చూసి ఇది చవక, అది ఖరీదు అనుకుంటాం కదా, ఆ లెక్క సగమే. నేను చూసేది నలుగురికి ఒక పూట కూర అవ్వడానికి ఎంత పడుతుందని. 450లో రెండు కిలోల ఉల్లిపాయలు 60, కిలోన్నర టమాటా 45, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర 50 పోతే 295 ఉంటుంది. రోజుకో కూర చొప్పున ఏడు కూరలు, అంటే కూరకి 42 రూపాయలు. ఇప్పుడు బీరకాయ తీసుకోండి, కిలో 50. చెక్కు తీసి, ముక్కలు చేసి, మగ్గబెడితే కిలో కాయ నలుగురికీ గిన్నె అడుగున కనిపిస్తుంది. కంద కిలో 60, బోర్డు మీద బీరకాయ కంటే ఖరీదే, కానీ అరకిలో కందకి పది రూపాయల బచ్చలి కలిపి ఉడికించి, చింతపండు పులుసు పోసి, ఆవ పెడితే నలుగురికి సరిపోయి రాత్రికి కాస్త మిగులుతుంది కూడా. అంటే కంద బచ్చలి 40, బీరకాయ 50. ఇలాగే దొండకాయ ముప్పావు కిలో 30, అరటికాయలు నాలుగు 28, సొరకాయ ఒకటి 25, వంకాయలు 38, బెండకాయలు 38. ఏడు కూరలకీ కలిపి 249 అయింది, 295లో ఇంకా 46 ఉంది. బీరకాయ ఒక్కటీ 42 దాటినా దాన్ని అరటికాయ, సొరకాయ మోసేశాయి. ఇలా చూస్తే పిల్లలకి ఇష్టమైన కూర మానక్కర్లేదు, దాని పక్కన చవక కూర ఒకటి పెట్టుకుంటే చాలు. మునగాకు పెరట్లోదో పక్కింటిదో దొరికితే తెలగపిండి వేసి వండిన రోజు ఖర్చు దాదాపు లేనట్టే. మా చిన్నాడు తెలగపిండి ముట్టడు, ఆ రోజు వాడికి గుడ్డు.

ఇక రేటు ఎగిరినప్పుడు ఏం చెయ్యాలి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటిపోయింది గుర్తుందా, అలాంటప్పుడు కిలోన్నర కొంటే 150, మీ 450లో మూడో వంతు అక్కడే పోతుంది. ఆ వారం అరకిలోతో ఆపండి, 50 అవుతుంది. మామూలు వారం 45 పెట్టేవారు, అంటే ఐదు రూపాయలే తేడా. పప్పులోకి దోసకాయ, గోంగూర, చుక్కకూర, రసంలోకి చింతపండు. ఉన్న అరకిలో కూరల్లోకి మాత్రమే వాడండి, పచ్చడి జోలికి పోకండి. ఒక్క సరుకు పెరిగితే దాని కొలత తగ్గించి సర్దుకోవచ్చు.

అన్నీ కలిసి పెరిగే కాలం వేరు, మన దగ్గర అది గోదావరి వరదల కాలం. మనకొచ్చే కూరగాయల్లో చాలా భాగం లంకల్లో పండేవే. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లో పాదుల్లోకి నీళ్ళు వచ్చేస్తాయని అర్థం చేసుకోండి. వరద తీసేశాక రేట్లు వెంటనే దిగుతాయనుకోవద్దు, బీర, దొండ, కాకర పాదులు కుళ్ళిపోతే మళ్ళీ వేసినవి కాపుకొచ్చేసరికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అందుకే హెచ్చరిక వార్త చూసిన రోజే నేను కంద, చేమదుంపలు, బంగాళదుంపలు, ఉల్లిపాయలు రెండు వారాలకి సరిపడా తెచ్చేస్తాను, ఇవి నిలవుంటాయి. దుంపలు చాపలో చుట్టేయకుండా గాలి తగిలేట్టు నేల మీద పరవండి, ఆ ముసురులో ఒకటి కుళ్ళితే పక్కవి కూడా పోతాయి. ఆ రెండు నెలలూ వారానికి రెండు రోజులు పప్పు లేదా పులుసు, వడియాలు, ఊరమిరపకాయలతో గడిపేస్తాం. ఎండాకాలంలో పెట్టిన గుమ్మడి వడియాల డబ్బా బయటకొచ్చేది అప్పుడే.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ రేటు పెరిగినట్టు తెలియకుండా పెరుగుతుంది. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచినప్పుడు రేటు పెరిగిందని అందరికీ తెలిసింది. కానీ ప్యాకెట్‌లో నూనె తగ్గితే ఎవరికీ తెలియదు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. లీటరు ప్యాకెట్‌లాగే కనిపించే 800 గ్రాముల ప్యాకెట్లు కూడా అదే అరలో ఉంటాయి. 910 గ్రాములది 158, 800 గ్రాములది 145 అయితే రెండోది చవకని చేతిలోకి తీసుకుంటాం. లెక్క వేస్తే అది లీటరు 165 పడుతుంది. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత అని కూడా చిన్న అక్షరాల్లో వేస్తున్నారు, ఆ అంకె ఒక్కటి పోల్చుకోండి. అలాగే ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. నెలకి నాలుగు లీటర్లంటే ఒక లీటరు వారం రోజులు రావాలి. ఐదో రోజుకే అయిపోతే తప్పు రేటుది కాదు, ఆ వారం మనింట్లో బజ్జీలు ఎక్కువయ్యాయి.

పుస్తకం రాయడం కూడా ఇదే పద్ధతి. రూపాయలు మాత్రమే రాస్తే ఏమీ తెలియదు, పక్కన కిలోలు, లీటర్లు కూడా రాయండి. కొలత అంతే ఉండి డబ్బు పెరిగితే అది రేటు, అలా వరసగా మూడు నాలుగు వారాలు జరిగితే మీ వెయ్యిని నిజాయితీగా 1,100 చేసుకోవాల్సిందే, ఆ వంద ఎక్కడ్నుంచి తేవాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. కొలతే పెరిగితే చుట్టాలొచ్చి ఉంటారు, లేదా పిల్లలకి సెలవులు. అది వచ్చే వారం దానంతట అదే సర్దుకుంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కిరాణా కొట్లో ఖాతా ఉంటే మాత్రం ఈ తేడా కనిపించదు, పిల్లాడిని పంపి రాయించిన ప్రతి సరుకూ నెలాఖరున ఒకటే అంకెగా వస్తుంది. వారం సరుకులకి నగదు ఇవ్వండి, లేదా ఫోన్‌లో కట్టి అప్పుడే రాసుకోండి.

సూపర్ మార్కెట్ గురించి అడిగారు. నూనె, పంచదార, రవ్వ, సబ్బులకి వెళ్ళండి, ఆఫర్ ఉంటే కలిసొస్తుంది. కూరలకి వద్దు. మనకి రైతుబజారు ఉంది, సంత ఉంది, సాయంత్రం చీకటి పడే వేళకి వెళితే కుప్పల లెక్కన ఇచ్చేస్తారు. పప్పులు కూడా ఒకేసారి ఎక్కువ తేకండి. మినుములు పొట్టుతో ఫిబ్రవరి, మార్చిలో కొత్త పంట వచ్చినప్పుడు కొని బాగా ఎండబెట్టి పెట్టుకుంటే ఏడాది ఉంటాయి, కానీ కందిపప్పు, రవ్వ వానాకాలంలో రెండు నెలలు దాటితే మన డెల్టా తేమకి పురుగు పట్టేస్తాయి. కిలోకి పది రూపాయలు మిగుల్చుకుని కిలో పారబోస్తే లాభమేముంది. బియ్యం కూడా ముసురు రోజుల్లో ఒక బస్తాకి మించి ఉంచను, ముక్కపురుగు పడితే చెరగడానికే ఒక పూట పోతుంది.

మీ ఇంట్లో నెలకి నూనె ఎన్ని లీటర్లు, పాలు ఎన్ని పోయించుకుంటారో కింద రాయండి, మీ వారం అంకె ఎంత రావాలో వేసి చెబుతాను.