రాపిడ్‌లో నెగటివ్ వచ్చినంత మాత్రాన

సౌమ్యా,

సిద్దిపేటలో క్లినిక్ తెరుస్తున్నావని, జ్వరంతో వచ్చినవాళ్లకు అక్కడికక్కడే రాపిడ్ కిట్‌తో ఫ్లూ పరీక్ష చేస్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఒక పిల్ల డాక్టరై సొంతంగా క్లినిక్ పెడుతోందంటే నాకెంత గర్వమో! ఫోన్ పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. మందుల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ నా ఉద్యోగమంతా ల్యాబ్‌లోనే గడిచింది, ఆ కిట్‌లో కనిపించే గీతను ఎంతవరకు నమ్మాలో నాకు తెలుసు.

గడువు తేదీ చూడు. కంట్రోల్ గీత రాకపోతే ఆ స్ట్రిప్ పారేసి ఇంకోటి వాడు. కిట్ మీద పదిహేను నిమిషాలని ఉంటే పదిహేనుకే చదువు. ఆ తర్వాత తేలిన గీతను లెక్కలోకి తీసుకోవద్దు.

అసలు విషయానికొస్తాను. రాపిడ్ పరీక్ష వైరస్ ప్రోటీన్‌ను ఉన్నదున్నట్టే పట్టుకోవాలి. పీసీఆర్ అలా కాదు, వైరస్ జన్యుపదార్థం కొంచెమే ఉన్నా దాన్ని లక్షల రెట్లు పెంచి చూస్తుంది. అందుకే ముక్కులో వైరస్ తక్కువగా ఉన్నవాళ్లలో రాపిడ్ తప్పిపోతుంది. చిన్నపిల్లల్లో వైరస్ ఎక్కువ, పెద్దవాళ్లలో తక్కువ. నాలుగో రోజు దాటితే ఇంకా తగ్గుతుంది.

లెక్క వేసి చూపిస్తాను. వానాకాలంలో ఫ్లూ జోరుగా ఉన్నప్పుడు జ్వరంతో వందమంది వచ్చారనుకో, అందులో నలభైమందికి నిజంగా ఫ్లూ ఉందనుకో. పాత రకం రాపిడ్ కిట్లు ఫ్లూ ఉన్నవాళ్లలో నూటికి 50 నుంచి 70 మందినే పట్టేవి. నీ కిట్ 60 పడుతుందనుకుంటే, ఆ నలభైమందిలో 24 మంది దొరుకుతారు, 16 మంది నెగటివ్ అని ఇంటికి పోతారు. మిగతా అరవైమందిలో పొరపాటున ఒకరికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్‌ను ధైర్యంగా నమ్మొచ్చు, కానీ నెగటివ్ వచ్చిన 75 మందిలో 16 మందికి ఫ్లూ ఉంది. అదే సీజన్ కాని రోజుల్లో వందలో ఇద్దరికే ఫ్లూ ఉంటే, నిజమైన పాజిటివ్ ఒకటి, తప్పుడు పాజిటివ్‌లు రెండు దాకా రావచ్చు. అప్పుడు పాజిటివ్‌నే అనుమానించాలి. కిట్ అదే, మారింది ఊళ్లో జ్వరాల పరిస్థితి.

2015లో స్వైన్ ఫ్లూ ఉధృతంగా ఉన్నప్పుడు జరిగింది చెబుతాను. ఏడో నెల గర్భిణి, జ్వరం వచ్చి నాలుగో రోజు. ఒక నర్సింగ్ హోమ్‌లో రాపిడ్ చేశారు, నెగటివ్ వచ్చింది. చీటీ మీద 'ఫ్లూ కాదు' అని రాసి, పారాసిటమాల్ ఇచ్చి పంపేశారు. రెండు రోజులకు ఊపిరందక మా ఆసుపత్రికి తెచ్చారు. మా డాక్టరమ్మ రిపోర్టు కోసం ఆగకుండా ఆ రాత్రే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదలుపెట్టింది. మర్నాడు ముక్కు, గొంతు నమూనాల పీసీఆర్ కూడా నెగటివే! మందు ఆపేద్దామన్నవాళ్లు ఉన్నారు, ఆమె ఒప్పుకోలేదు. వెంటిలేటర్ పెట్టాక ట్యూబ్ లోంచి తీసిన కఫం పంపితే స్వైన్ ఫ్లూ వైరస్ హెచ్1ఎన్1 పాజిటివ్. వైరస్ అప్పటికే ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది, పైన ముక్కులో దొరకలేదు. తల్లీబిడ్డా బయటపడ్డారు కానీ ఐసీయూలో వారాలు గడిచాయి. ఒసెల్టామివిర్ బాగా పనిచేసేది మొదటి 48 గంటల్లో. నాలుగో రోజు ఆ చీటీ వాళ్ల చేతిలో పెట్టకపోయి ఉంటే, ఆలస్యంగానైనా మందు రెండు రోజుల ముందే పడేది.

తల్లీ, నీ దగ్గరికి గర్భిణులు వస్తారు, ముసలివాళ్లు, ఆస్తమావాళ్లు, షుగరువాళ్లు వస్తారు. వాళ్లకు ఫ్లూ అనుమానముంటే రాపిడ్ ఏమొచ్చినా మందు మొదలుపెట్టు. మన దేశపు మార్గదర్శకాలు కూడా ఇలాంటివాళ్లకు పరీక్షతో నిమిత్తం లేకుండానే మందు ఇవ్వమంటాయి. ఆయాసం, ఛాతీ నొప్పి, బీపీ పడిపోవడం ఉంటే నీ దగ్గర ఉంచుకోకు, ఆసుపత్రికి పంపు. పీసీఆర్ నమూనా అక్కడ తీస్తారు.

పీసీఆర్ నువ్వే పంపాల్సి వస్తే, స్వాబ్‌ను ముక్కులో పైకి కాదు, అంగిలికి సమాంతరంగా నేరుగా వెనక్కి పోనివ్వు. పుల్ల ప్లాస్టిక్‌ది కావాలి, చెక్కది వద్దు. ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో ముంచి ఐస్ ప్యాక్‌లతో పంపు. హైదరాబాద్ వెళ్లి రిపోర్టు తిరిగి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, దాని కోసం మందు ఆపకు.

ఇంకొకటి. తగ్గిపోయిన పిల్లాడిని స్కూలుకు పంపడానికి మళ్లీ పీసీఆర్ చేయమని తల్లిదండ్రులు అడుగుతారు, ఒప్పుకోకు. అంటించే వైరస్ పోయాక కూడా దాని ముక్కలు పాజిటివ్ చూపిస్తాయి. జ్వరం మందు వేయకుండానే జ్వరం తగ్గి 24 గంటలైందా, పిల్లాడు తేరుకుంటున్నాడా అని అడుగు.

చీటీ మీద 'ఫ్లూ కాదు' అని మాత్రం ఎప్పుడూ రాయకు. 'రాపిడ్ నెగటివ్, జ్వరం ఇన్నో రోజు' అని రాయి. తర్వాత చూసే డాక్టరుకు ఆ రోజు లెక్కే కావాలి.

మీ అత్త